దుకాణానికి నష్టమా, ఇంటి ఖర్చా?

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో జంపఖానాల దుకాణం నడుపుతున్నాను. లెక్కలు చేత్తోనే రాసుకుంటాను. మార్చి 31 నాటికి 60,000 రూపాయల నష్టం తేలింది. ఏడాదంతా ఇల్లు గడిచింది, బ్యాంకు అప్పు కూడా లేదు. మరి నష్టం ఎలా వచ్చింది? అద్దె, జీతాల పేజీల్లో ఉన్న పాత మొత్తాలను ఏప్రిల్‌కు తీసుకెళ్లాలా?

జవాబు: మీరు పంపిన పేజీలన్నీ చూశానండీ. మీ దుకాణానికి నష్టం రాలేదు, 3,00,000 రూపాయల లాభం వచ్చింది. చిక్కంతా ‘ఇతర ఖర్చులు’ అన్న పేజీలో ఉంది. నెలనెలా ఇంటికి తీసుకున్న 25,000, అబ్బాయి కాలేజీ ఫీజు 60,000, కలిపి 3,60,000 అక్కడ రాశారు. అవి దుకాణం ఖర్చులు కావు, మీ సొంతవాడకాలు. యజమాని తన కోసం తీసుకున్న డబ్బు లాభనష్టాల ఖాతాలోకి రాదు, నేరుగా మూలధనంలోంచి తగ్గుతుంది.

సిరాతో రాసినదాన్ని కొట్టివేయకండి. మార్చి 31 తేదీతో సొంతవాడకాల ఖాతాకు 3,60,000 డెబిట్, ఇతర ఖర్చుల ఖాతాకు అంతే మొత్తం క్రెడిట్ రాయండి. ఆ తర్వాతే ముగింపు పద్దులు మొదలుపెట్టండి.

మొదట వర్తకపు ఖాతా. ఏడాది ఆరంభంలో ఉన్న సరుకు 3,50,000, కొనుగోళ్లు 17,00,000 దీనికి డెబిట్ అవుతాయి. అమ్మకాలు 24,00,000, మార్చి 31న లెక్కపెట్టిన సరుకు 4,00,000 క్రెడిట్ అవుతాయి. మిగిలిన 7,50,000 స్థూల లాభం. దాన్ని లాభనష్టాల ఖాతాకు మార్చి, దుకాణం ఖర్చులను కూడా అక్కడికే తీసుకురండి: అద్దె 1,20,000, జీతాలు 2,40,000, రవాణా 60,000, కరెంటు 30,000. మొత్తం 4,50,000 పోగా నికర లాభం 3,00,000.

అద్దె పేజీనే తీసుకుందాం. ఎడమవైపు పన్నెండు వరుసల్లో నెలకు 10,000 చొప్పున రాసి ఉంది. కుడివైపు ఒకే ఒక్క వరుస రాయండి: ‘లాభనష్టాల ఖాతాకు 1,20,000’. రెండు వైపులా సమానమయ్యాయి కాబట్టి కింద జంట గీత గీయండి. ఏప్రిల్‌లో ఆ పేజీ సున్నాతో మొదలవ్వాలి. జీతాలు, కరెంటు పేజీలకూ ఇదే పద్ధతి. అమ్మకాల పేజీలో మాత్రం ఎడమవైపు ‘వర్తకపు ఖాతాకు 24,00,000’ అని రాసి మూయండి. నగదు, బ్యాంకు నిల్వ, సరుకు, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు మాత్రం మూయకూడదు. అవి ఉన్నవి ఉన్నట్టుగా కొత్త ఏడాదిలోకి వెళ్తాయి.

పాత మొత్తాలను మూయకుండా తీసుకెళ్లినా, డెబిట్లూ క్రెడిట్లూ సమానమో కాదో చూసే అంకణా సరిపోతుంది, అందుకే ఈ తప్పు చాలామంది కంట పడదు. ఏప్రిల్ నెలాఖరున అద్దె పేజీలో 10,000 ఉండాల్సిన చోట 1,30,000 కనిపిస్తే పుస్తకం మూయలేదన్నమాట. అలాగే వదిలేస్తే వచ్చే మార్చిలో రెండేళ్ల లాభం ఒకే ఏడాదిదిగా తేలుతుంది.

ఇక మూలధనం. లాభనష్టాల ఖాతాకు 3,00,000 డెబిట్ రాసి మూలధనానికి క్రెడిట్ చేయండి. తర్వాత మూలధనానికి 3,60,000 డెబిట్ రాసి సొంతవాడకాలను మూసేయండి. కిందటి ఏప్రిల్‌లో మీ మూలధనం 6,00,000. ఇప్పుడు అది 5,40,000. దీన్ని మరో దారిలో సరిచూసుకోవచ్చు. సరుకు 4,00,000, నగదు, బ్యాంకు కలిపి 90,000, రావలసినవి 1,50,000. అందులోంచి నేత సంఘానికి ఇవ్వవలసిన 1,00,000 తీసేస్తే అదే 5,40,000 వస్తుంది.

మీరు రాసిన పద్ధతిలోనూ మూలధనం చివరికి 5,40,000 గానే తేలుతుంది, ఎందుకంటే 60,000 నష్టం పోయినా మిగిలేది అంతే. కాబట్టి ఆస్తి అప్పుల పట్టీ ఈ పొరపాటును బయటపెట్టదు. కానీ రేపు మీరు అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే, వాళ్లు ముందు చూసేది లాభనష్టాల ఖాతానే. అక్కడ నష్టం కనిపిస్తే బాగా నడుస్తున్న దుకాణానికి కూడా అప్పు పుట్టడం కష్టం. ఆదాయపు పన్ను లెక్కలోనూ సొంత ఖర్చులను వ్యాపార ఖర్చులుగా చూపడానికి వీల్లేదు. ఇది మీ ఒక్కరి పేరున ఉన్న దుకాణం కాబట్టి, ఆ 25,000ను మీ జీతం అని రాసుకున్నా చెల్లదు.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఆ తగ్గిన 60,000. మీ లాభాన్ని పన్నెండుతో భాగిస్తే సరిగ్గా 25,000, అంటే మీరు నెలనెలా తీసుకున్నదానితోనే ఏడాది లాభం అయిపోయింది. కాలేజీ ఫీజు మొత్తం పెట్టుబడిలోంచే పోయింది. ఇలాగే సాగితే సరుకు నింపుకోవడానికి డబ్బు చాలదు. ఈ ఏప్రిల్ నుంచి ఇంటికి 20,000 వాడుకుని, మిగతా 5,000 మీ సొంత పేరున రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండూ సొంతవాడకాల పేజీలోనే రాయండి. వచ్చే ఏడాది ఫీజు కట్టే వేళకు 60,000 చేతిలో ఉంటుంది, దుకాణం గల్లా జోలికి పోనక్కర్లేదు.