దిద్దిన వ్యాసం పిల్లల మాటల్లోనే మిగలాలంటే

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. తెలుగులో వాడు రాసిన వ్యాసాన్ని నేను కాస్త సరిచేసి మళ్ళీ రాయించాను. "ఇది నువ్వు రాసింది కాదు" అని టీచర్ తిప్పి పంపారు. తప్పులు దిద్దాలి, కానీ భాష వాడిదిగానే ఉండాలి. ఎలా?

ఈ దెబ్బ నేనూ తిన్నాను. మా మేనకోడలిది కూడా అప్పుడు ఏడో తరగతే. కరెంటు పోయిన రాత్రి గురించి ఒక పేరా రాసుకొచ్చి "అత్తా, కొంచెం బాగా చెయ్యవా" అంది. నేను కొంచెంతో ఆగలేదు. "గాఢాంధకారం ఇంటిని అలుముకోగానే నా హృదయం భయంతో కంపించింది" అని ఎత్తుకుని, "గోడపై నర్తించే నీడలు మమ్మల్ని మంత్రముగ్ధులను చేశాయి" దాకా లాక్కొచ్చాను. క్లాసులో టీచర్ "మంత్రముగ్ధులు అంటే ఎవరమ్మా?" అని అడిగారట. "మంత్రాలు చదివేవాళ్ళు" అని చెప్పిందట పాపం. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అది రాసుకొచ్చిన అసలు పేరా ఇది:

"నిన్న రాత్రి కరెంటు పోయింది. నాకు చాలా భయం వేసింది. అమ్మ కొవ్వొత్తి వెతికింది. కొవ్వొత్తి దొరకలేదు. మళ్ళీ చాలా భయం వేసింది. తమ్ముడు ఏడ్చాడు. కానీ నేను ఏడవలేదు. అప్పుడు నాన్న ఫోన్ లైట్ వేశాడు. గోడ మీద నీడలు వచ్చాయి. చాలా బాగున్నాయి. మేము ఆడుకున్నాం. తర్వాత కరెంటు వచ్చింది. చాలా సంతోషం వేసింది."

తప్పు తెలిశాక నేను మొదట చేసిన పని బరువైన మాటలు తీసేసి తేలిక మాటలు పెట్టడం. "చీకటి ఇంటిని కమ్ముకోగానే నా గుండె భయంతో వణికింది." ఇందులో దానికి తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా చదివితే అది నా వాక్యమే. చాలామంది ఇక్కడే పొరబడతారు. పిల్లలు చదివితే అర్థం చేసుకునే మాటలు చాలా ఉంటాయి. తామే రాసేటప్పుడు చేతికి వచ్చేవి అందులో కొన్నే. "కమ్ముకోవడం" దానికి మొదటి రకం మాట, రెండో రకం కాదు. పైగా వాక్యం కట్టిన తీరు కూడా పెద్దవాళ్ళదే. అది రాస్తే అమ్మ వెతుకుతుంది, నాన్న లైట్ వేస్తాడు. చీకటి వచ్చి ఇంటిని ఏదో చేయడం, గుండె విడిగా వణకడం దాని పేరాలో ఎక్కడా లేవు. మాటలు మార్చి వాక్యాన్ని అలాగే ఉంచితే వేషం మార్చినట్టే, మనిషి పెద్దమనిషే.

కాబట్టి ముందు చేయాల్సింది మీ అబ్బాయి ఎలా రాస్తాడో తెలుసుకోవడం. ఎవరి సాయం లేకుండా రాసినవి మూడు తీయండి. పరీక్ష పేపర్ దొరికితే మంచిది, అక్కడ పక్కన ఎవరూ ఉండరు కదా. ఒక కాగితం మీద మూడు సంగతులే రాసుకోండి. అన్నిటికంటే పెద్ద వాక్యంలో ఎన్ని మాటలున్నాయి? వాక్యాలు కలపడానికి ఏ మాటలు వాడాడు? నచ్చింది, నచ్చలేదు అని చెప్పడానికి ఏం వాడాడు? మా మేనకోడలి పై పేరాలో పదమూడు వాక్యాలున్నాయి, ఏ వాక్యమూ అయిదు మాటలు దాటలేదు. కలిపే మాటలు కానీ, అప్పుడు, తర్వాత. మెచ్చుకోవడానికైనా భయపడటానికైనా "చాలా" ఒక్కటే, నాలుగుసార్లు. పాత నోట్‌బుక్‌లలో "అందుకే", "రాగానే", "కంటే" కూడా దొరికాయి. దిద్దేటప్పుడు నాకున్న సరుకు ఇంతే అని గిరి గీసుకున్నాను.

ఒక జాగ్రత్త. పాత రాతల్లో కొన్ని వాక్యాలు గైడు నుంచి బట్టీపట్టినవి ఉంటాయి. "మరియు", "యొక్క", "మానవాళికి ఎంతగానో ఉపయోగపడుతుంది" లాంటివి కనిపిస్తే వాటిని లెక్కలోకి తీసుకోకండి. పక్క వాక్యాలతో పొసగకుండా అతుకు వేసినట్టు ఉంటాయి, వెంటనే తెలిసిపోతుంది. అవి మీ అబ్బాయి భాష అనుకుంటే కొలతే తప్పుతుంది.

ఇప్పుడు దిద్దడం. పిల్లలు రాసింది బాగోలేదని మనకు అనిపించేది మాటలు చిన్నవని కాదు, విషయం చాలలేదని. "చాలా భయం వేసింది" అన్నచోట "భయం"కి పెద్ద మాట వెతకడం నా తప్పు. అక్కడ అడగాల్సింది ఒక ప్రశ్న. రెండోసారి కూర్చున్నప్పుడు పెన్సిల్ దాని చేతికే ఇచ్చి అడిగాను.

"కరెంటు పోయినప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"హోంవర్క్. నోట్‌బుక్‌లో గీతలు కూడా కనబడలేదత్తా."

"భయం వేస్తే ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు." కాసేపాగి, "తమ్ముడి చొక్కా పట్టుకున్నా. గట్టిగా."

"నీడలు బాగున్నాయి అన్నావు. ఏంటి అంత బాగుంది?"

"తమ్ముడి నీడ నాన్న నీడ కంటే పెద్దగా ఉంది! వాడు లైట్ దగ్గర నిలబడ్డాడు కదా."

ఇవేవీ రాసిన పేరాలో లేవు. పిల్లలు నోటితో చెప్పేది రాసేదానికంటే ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వ్యాసం అనగానే బిగుసుకుపోయి పొడిపొడిగా రాస్తారు. ఆ నోటిమాటను ఉన్నదున్నట్టు కాగితం మీదికి తెప్పిస్తే వ్యాసం బాగుపడుతుంది, భాషా వాళ్ళదే అవుతుంది. "పట్టుకున్నా" అన్నది "పట్టుకున్నాను" అయితే చాలు, అంతకు మించి ముట్టుకోనక్కర్లేదు.

చివరికి తేలిన పేరా ఇది:

"నిన్న రాత్రి హోంవర్క్ రాస్తుంటే కరెంటు పోయింది. నోట్‌బుక్‌లో గీతలు కూడా కనబడలేదు. అమ్మ తడుముకుంటూ కొవ్వొత్తి వెతికింది కానీ దొరకలేదు. తమ్ముడు ఏడ్చాడు. నేను ఏడవలేదు కానీ వాడి చొక్కా గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు నాన్న ఫోన్ లైట్ వేశాడు. గోడ మీద మా నీడలు వచ్చాయి. తమ్ముడి నీడ నాన్న నీడ కంటే పెద్దగా ఉంది. మేము చేతులతో కుక్క, కొంగ చేసి ఆడుకున్నాం. చాలా బాగుంది. కరెంటు రాగానే నీడలన్నీ పోయాయి. తమ్ముడు మళ్ళీ ఏడ్చాడు."

పెద్ద వాక్యం ఏడు మాటలకు వచ్చింది, అయిదు నుంచి ఏడు. ఒకేసారి పదిహేనుకు తీసుకెళ్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. రెండు పొట్టి వాక్యాలను "కానీ"తో కలిపింది, అది దాని మాటే. నాలుగు "చాలా"ల్లో మూడు పోయాయి. నాలుగోది నేను కొట్టేయబోతే "అది ఉండాలి, నిజంగానే చాలా బాగుంది" అని పట్టుబట్టింది. ఉంచాను. ఇప్పుడు ఆ పేరాలో అది దానిలా మాట్లాడే వాక్యం. ఎక్కడెక్కడ ఇలాంటివి ఉన్నాయో చూసి వాటి జోలికి వెళ్ళకండి. అన్నీ చదును చేస్తే ఎవరు రాశారో తెలియని రాత మిగులుతుంది.

"కరెంటు రాగానే" దగ్గర నాకు టెన్షన్ వచ్చింది, అది నేను అందించిన ముక్క. పాత నోట్‌బుక్ తిరగేస్తే "స్కూల్ నుంచి రాగానే పడుకున్నాను" అని ఉంది. సరే అనుకున్నాను. లేకపోతే "కరెంటు వచ్చింది. నీడలన్నీ పోయాయి" అని విడగొట్టేదాన్ని. ముగింపు కూడా చూడండి. తమ్ముడు మళ్ళీ ఏడవడంతో ఆగిపోయింది. "ఆ రాత్రి నాకు మరపురాని అనుభూతిని మిగిల్చింది" అని ఒకటి తగిలించాలని నాకు చెయ్యి దురద పెట్టింది, అబద్ధం చెప్పను. పెద్దవాళ్ళ చెయ్యి పడిందని ముందు పట్టిచ్చేది ఆ చివరి వాక్యమే.

ఇక "తడుముకుంటూ". ఆ మాట దానికి లేదు. కానీ "అమ్మ చీకట్లో అన్నీ చేత్తో ముట్టుకుంటూ వెతికింది, దాన్నేమంటారు?" అని అదే అడిగింది. అప్పుడు చెప్పాను. విషయం చేతిలో ఉండి పేరు కోసం వాళ్ళే అడిగితే కొత్త మాట ఇవ్వొచ్చు, ఒక వ్యాసానికి ఒకటో రెండో. "కంపించింది" నేను నా అంతట నేను కుక్కిన మాట, దాన్ని అది అడగలేదు.

అక్షర దోషాల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. అది "మల్లీ" అని, "కొవ్వత్తి" అని రాసింది. (పైన ఇచ్చినది దోషాలు సరిచేసిన కాపీ.) వాటిని దిద్దితే భాష స్థాయి పెరగదు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందంతే. మీరు కింద గీత గీయండి, సరైనది వాడితోనే రాయించండి.

అయ్యాక ఒక పరీక్ష ఉంది. వెంటనే కాదు, మర్నాడు. పేరా గట్టిగా చదవమనండి. ఎక్కడ తడబడ్డాడో అక్కడ మీ వాక్యం ఉన్నట్టు. తర్వాత కాగితం మూసి అదే విషయం మళ్ళీ చెప్పమనండి. చెప్పేటప్పుడు ఏ ముక్క దానంతటదే వేరే మాటల్లోకి మారిపోయిందో చూసి, వ్యాసంలోనూ ఆ మాటలే పెట్టండి. మా మేనకోడలి విషయంలో "నీడలు పడ్డాయి" అని నేనన్నది మర్నాటికి "నీడలు వచ్చాయి" అయిపోయింది. అందుకే పై పేరాలో "వచ్చాయి" అని ఉంది.

ఇదంతా చేసినా పనికిరాని సందర్భం ఒకటుంది. ఎవరి సాయమూ తీసుకోకూడదని టీచర్ ముందే చెప్పి ఉంటే, భాష ఎంత పిల్లలదిగా కనిపించినా అది సాయమే. అప్పుడు ప్రశ్నలు అడగడం కూడా మానేసి, అక్షర దోషాల కింద గీత గీయొచ్చా అని టీచర్‌నే అడగండి. మీ వ్యాసం ఒకసారి తిరిగొచ్చింది కాబట్టి, ఈసారి పంపేటప్పుడు వాడి మొదటి రాతను కూడా జతచేయండి. ఏది మారిందో, ఏది వాడిదో పక్కపక్కనే కనిపిస్తుంది. నేను ఆ పనే చేశాను. టీచర్ రెండూ చదివి, కొంగ ఎలా చేశావో చేత్తో చూపించమన్నారట.

నెల తర్వాత అది ఒక్కతే కూర్చుని పరీక్ష గురించి రాసుకున్న పేజీలో ఇలా ఉంది: "మూడో ప్రశ్నకి జవాబు కోసం చాలాసేపు తడుముకున్నాను."