ఖాళీ గడి అంటే ‘లేదు’ అని కాదు

ప్రశ్న: సార్, కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేస్తున్నాను. షుగర్ మందు ట్రయల్‌కి ఎవరు అర్హులో, ఎవరు కాదో ప్రోటోకాల్‌లో ఒకే పేరాలో ఇచ్చారు. దాన్ని ఇన్‌క్లూజన్, ఎక్స్‌క్లూజన్ అని రెండు పట్టికలు చేసి ఎక్సెల్‌లో పేషెంట్లను స్క్రీన్ చేయాలి. ఫార్ములా పెట్టినా తప్పుడు పేషెంట్లు పాసవుతున్నారు. ఎక్కడ పొరపాటు?

జవాబు: ఫార్ములా సంగతి తర్వాత, ముందు పేరాను విడదీసిన తీరు చూడాలి. మీది ఇలాంటి పేరానే అనుకుందాం: ‘18 నుంచి 70 ఏళ్ల లోపు, హెచ్‌బీఏ1సీ 7 నుంచి 10 శాతం ఉన్న టైప్ 2 షుగర్ రోగులు అర్హులు. గత 6 నెలల్లో గుండెపోటు వచ్చినవారు, ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తక్కువ ఉన్నవారు, నెలసరి ఆగినవారు మినహా గర్భనిరోధం పాటించని స్త్రీలు అనర్హులు.’

ఇన్‌క్లూజన్ పట్టికలో అన్ని వరుసలకూ ‘ఉంది’ రావాలి. ఎక్స్‌క్లూజన్‌లో ఒక్క వరుసకు ‘ఉంది’ వచ్చినా పేషెంట్ బయటికే. అందుకని ఒక్కో షరతుకు ఒక్కో వరుస ఇవ్వండి, కానీ ‘మినహా’ ఉన్నచోట మాత్రం వాక్యాన్ని విరగ్గొట్టొద్దు. ‘గర్భనిరోధం పాటించడం లేదు’ అని ఒక వరుస, ‘నెలసరి ఆగింది’ అని ఇంకో వరుస ఎక్స్‌క్లూజన్‌లో పెడితే, పేరా ఎవరిని కాపాడాలనుకుందో ఆ 60 ఏళ్ల ఆవిడే రెండు వరుసల్లోనూ దొరికిపోతుంది. షరతు, దాని మినహాయింపు ఒకే వరుసలో ఉండాలి.

షరతును ఒక పట్టిక నుంచి ఇంకో పట్టికలోకి తిప్పి రాయడం కూడా వద్దు. ‘45 కంటే తక్కువ అనర్హం’ అన్నదాన్ని ‘45 పైన అర్హం’ అని ఇన్‌క్లూజన్‌లోకి మారిస్తే, సరిగ్గా 45 వచ్చిన పేషెంట్‌ను అకారణంగా పోగొట్టుకుంటారు. ప్రోటోకాల్ వాక్యం యథాతథంగా ఒక కాలమ్‌లో, మీరు రాసుకున్న షరతు పక్క కాలమ్‌లో ఉంచండి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ‘≥’ లాంటి గుర్తులు ఒక్కోసారి ఎగిరిపోతాయి కాబట్టి కాగితంతో ఒకసారి సరిచూసుకోండి.

ఇక మీ తప్పుడు పేషెంట్లు. గుండెపోటు వరుసకు చాలామంది పెట్టే ఫార్ములా ఇది. D2లో గుండెపోటు తేదీ, E2లో స్క్రీనింగ్ తేదీ:

```
=IF(D2>EDATE(E2,-6),"ఉంది","లేదు")
```

D2 ఖాళీగా ఉంటే ఎక్సెల్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. సున్నా ఏ తేదీకన్నా చిన్నదే కాబట్టి ‘లేదు’ అని వస్తుంది. అంటే ఆదోని నుంచి వచ్చిన పెద్దాయనను గుండెపోటు గురించి ఎవరూ అడగకపోయినా పాసయిపోతాడు. నాకు ఇలాంటి ఉత్తరాలు పదేపదే వస్తున్నాయి, దాదాపు అన్నిటిలో జబ్బు ఇదే. తెలియని విషయాన్ని నోరు మెదపకుండా సున్నాగా లెక్కేసే స్ప్రెడ్‌షీట్ డిజైన్ మీద నాకు కోపం. అడగని ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు ఏ సాఫ్ట్‌వేర్‌కూ లేదు.

అందుకని మూడో జవాబు కావాలి: ‘తెలియదు’. C2లో ‘వచ్చింది’ లేదా ‘రాలేదు’ అని డ్రాప్‌డౌన్ పెట్టి ఇలా రాయండి:

```
=IF(C2="రాలేదు","లేదు",
 IF(OR(C2="",NOT(ISNUMBER(D2))),"తెలియదు",
 IF(D2>EDATE(E2,-6),"ఉంది","లేదు")))
```

‘పోయిన ఉగాదికి’ అని ఎవరైనా మాటల్లో టైప్ చేసినా ఇది ‘తెలియదు’ అనే చెబుతుంది. ‘తెలియదు’ ఒక్కటి ఉన్నా పేషెంట్ పెండింగ్‌లోనే ఉండాలి. పాత డిశ్చార్జ్ సమ్మరీ తెప్పించి చూశాకే ముందుకు వెళ్లాలి. సరిగ్గా 6 నెలల రోజున వస్తే ఏ వైపు పడాలో, 6 నెలలను స్క్రీనింగ్ నుంచి లెక్కించాలో మొదటి డోసు నుంచి లెక్కించాలో ప్రోటోకాల్‌లో లేకపోతే స్పాన్సర్‌ను రాతపూర్వకంగా అడగండి. షీట్ జల్లెడ మాత్రమే, అర్హత తేల్చాల్సింది ఇన్వెస్టిగేటర్.

మీరు అడగలేదు గానీ, నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇంకొకటుంది. ఈ షీట్లు ‘లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అన్న సెట్టింగ్‌తో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అందులో పేరు, ఫోన్ నంబరు, ఊరు, పక్కనే ‘గర్భనిరోధం పాటించడం లేదు’ అన్న వరుస. అనంతపురం, కడప లాంటి చోట్ల ఊరు, వయసు తెలిస్తే చాలు, మనిషిని పోల్చుకునేవాళ్లు నలుగురుంటారు. స్క్రీనింగ్ షీట్‌లో స్క్రీనింగ్ నంబరు మాత్రమే ఉండాలి. ఆ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే ఫైల్‌లో పాస్‌వర్డ్ పెట్టి ఆస్పత్రి కంప్యూటర్‌లోనే ఉంచండి, దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. ఇప్పటికే లింక్ పంపి ఉంటే ఈరోజే షేరింగ్ ఆపేసి, ఎవరెవరు డౌన్‌లోడ్ చేసుకున్నారో అడిగి ఆ కాపీలను తీసేయించండి. విషయం మీ ఇన్వెస్టిగేటర్‌కు కూడా చెప్పండి.