(1 4 2 6)(2 5 4) ఆర్డర్ 12 ఎందుకు కాదు?

ప్రశ్న: S₆లో (1 4 2 6)(2 5 4) ఆర్డర్ అడిగారు. 4, 3ల క.సా.గు. 12 అని రాస్తే మా సార్ 6 అన్నారు. 6 సరిసంఖ్యే కదా, మరి ఇది బేసి ప్రస్తారం ఎలా అయింది? పైగా క్లాసు నోట్స్‌లో లబ్ధం (1 4 6)(2 5) అని ఉంటే, కోఠీలో కొన్న పాత గైడ్‌లో (1 2 6)(4 5) అని ఉంది.

జవాబు: క.సా.గు. సూత్రం పనిచేసేది ఉమ్మడి అంకెలు లేని చక్రాలకే. మీ రెండు చక్రాల్లోనూ 2, 4 ఉన్నాయి. కాబట్టి ముందు గుణించి, విడి చక్రాలుగా మార్చుకోవాలి.

మీ నోట్స్ పద్ధతిలో ముందు కుడి చక్రం, తర్వాత ఎడమది. 1 కుడి చక్రంలో లేదు, కదలదు. ఎడమది దాన్ని 4కి పంపుతుంది. ఇప్పుడు 4 సంగతి. కుడి చక్రంలో అది చివరిది, కాబట్టి మొదట ఉన్న 2కి తిరుగుతుంది. ఆ 2ను ఎడమది 6కి పంపుతుంది. 6 కుడిదాంట్లో లేదు, ఎడమదాంట్లో 1కి వస్తుంది. బ్రాకెట్ మూసేయండి: (1 4 6). మిగిలినవాటిలో 2 వెళ్లేది 5కి. 5 మాత్రం 4 మీదుగా మళ్లీ 2కి. 3 కదలదు.

ఎక్కువమంది తప్పేది ఆ 4 దగ్గరే. 2కి రాగానే ఆగిపోయి (1 4 2 5 అని రాసుకుంటూ పోతారు. తర్వాత చూస్తే 5 కూడా 2కే వస్తుంది, 1కి కాదు. బ్రాకెట్ మూతపడదు. అలా ఇరుక్కున్నారంటే ఎక్కడో రెండో చక్రం దాటించలేదన్నమాట.

(1 4 6)లోని అంకెలు 3 సార్లకోసారి, (2 5)లోవి 2 సార్లకోసారి సొంత చోటికి వస్తాయి. అన్నీ ఒకేసారి చేరేది 6వ సారి. అసలు ఆర్డర్ 12 కావాలంటే కనీసం 4 + 3 = 7 అంకెలుండాలి. S₆లో ఉన్నవే 6, కాబట్టి 12 వచ్చిందంటే లెక్క చూడకుండానే కొట్టేయొచ్చు.

సరి, బేసి అన్నది ఆర్డర్‌ని బట్టి కాదు, ఎన్ని జతల మార్పిడులన్నదాన్ని బట్టి. k అంకెల చక్రానికి k−1 మార్పిడులు: (1 4 6) = (1 6)(1 4). దీనికి 2, (2 5)కి 1, మొత్తం 3, అంటే బేసి. దీనికైతే గుణించాల్సిన పనే లేదు; ఇచ్చిన రూపంలోనే 3 + 2 = 5, అదీ బేసే. (1 2)(3 4) ఆర్డర్ 2, కానీ అది సరి ప్రస్తారం. ఆర్డర్ బేసి అయితే మాత్రం ప్రస్తారం తప్పకుండా సరిదే.

గైడ్‌లోదీ తప్పు కాదు, వాళ్లు ఎడమ నుంచి కుడికి గుణించారు. αβ, βα చక్రాల పొడవులు ఎప్పుడూ ఒకటే, అందుకే ఆర్డర్, సరిబేసి మారవు. అందువల్లే దిశ తప్పినా వాటివల్ల బయటపడదు. లబ్ధమే అడిగితే మాత్రం మార్కులు పోతాయి. ఏ పుస్తకమైనా తెరవగానే చేసిన లెక్క ఒకటి తీసుకుని, 1ని రెండు దిశల్లోనూ నడిపి చూడండి. జవాబుతో ఏది కలిస్తే అదే వాళ్ల పద్ధతి. రెండూ ఒకటే ఇస్తే ఇంకో అంకె పట్టుకోండి.