ముందే 145 చూసుకుని ఉంటే

"వర్గ సమీకరణం కనబడగానే కారణాంకాలతో చేయాలా, వర్గం పూర్తి చేయాలా, సూత్రం వాడాలా అని ఎలా తేల్చుకోవాలి? పరీక్షలో నాకు దీని దగ్గరే టైమ్ అంతా పోతోంది."

నాకూ పోయింది. పదో తరగతి లెక్కల పరీక్షలో 6x² + 7x − 4 = 0 అనే ఒక్క లెక్క మీద పావుగంట పోగొట్టుకున్నాను. మధ్యపదం విడగొట్టడంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నా నమ్మకం. 6ని −4తో గుణిస్తే −24. లబ్ధం −24, మొత్తం 7 అయ్యే రెండు సంఖ్యలు కావాలి. 8, −3 వేశాను, 5 వచ్చింది. 12, −2 వేస్తే 10. 6, −4 వేస్తే 2. 24, −1 వేస్తే 23. నిజానికి 24కి అంతకుమించి జతలే లేవు. కానీ టెన్షన్‌లో ఉన్నవాడికి జతలు అయిపోయాయన్న సంగతి తట్టదు కదా, మళ్ళీ 8, 3 దగ్గరికే వచ్చాను. చివరికి ప్రశ్నలో అచ్చుతప్పు పడిందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. −4 బదులు −3 ఉంటే 9, −2 సరిపోతాయి, (3x − 1)(2x + 3) = 0 అని చక్కగా విడిపోతుంది. అలాగే చేసి వచ్చాను. మార్కులు రాలేదు. అచ్చుతప్పేమీ లేదు, అది సూత్రంతో చేయాల్సిన లెక్క.

అప్పటినుంచి ముందు b² − 4ac కట్టనిదే వేరే పని మొదలుపెట్టను. పైదానికి 49 + 96 = 145. 12 వర్గం 144, 13 వర్గం 169, కాబట్టి 145 పరిపూర్ణ వర్గం కాదు. గుణకాలన్నీ పూర్ణ సంఖ్యలైనప్పుడు ఇక జతల కోసం వెతకడం దండగ. రుణ సంఖ్య వస్తే వాస్తవ మూలాలే లేవు, అక్కడితో ఆపేయొచ్చు.

మనకు ఈ విచక్షణిని మూలాల స్వభావం చెప్పడానికే అన్నట్టు పాఠం చివర్లో చెబుతారు. ఆ జతను పట్టిచ్చేది కూడా అదేనని ఎవరూ చెప్పరు, నా కోపమంతా అక్కడే. మనం వెతికే రెండు సంఖ్యల మొత్తం b, లబ్ధం ac. అలాంటప్పుడు వాటి తేడాకి వర్గం సరిగ్గా b² − 4ac అవుతుంది. −3 ఉన్న లెక్కే చూడండి: 49 + 72 = 121, అంటే తేడా 11. మొత్తం 7, తేడా 11 అయితే ఆ సంఖ్యలు 9, −2. ఊహించాల్సిన పనే లేదు.

x² = 5x, 4x² = 9 లాంటివాటికి ఇదంతా అక్కర్లేదు, చూస్తూనే తేలిపోతాయి. కాకపోతే మొదటిదాన్ని రెండువైపులా xతో భాగించి 5 అని రాసేసేవాళ్ళున్నారు. 0 కూడా మూలమే, భాగించడంతో అది పోతుంది.

వర్గం పూర్తి చేయడాన్ని నేను ఒక్కచోటే ఇష్టపడతాను: x² గుణకం 1, మధ్య గుణకం సరి సంఖ్య అయినప్పుడు. x² − 6x − 11 = 0 తీసుకోండి. 6లో సగం 3, దాని వర్గం 9 రెండువైపులా కలిపితే (x − 3)² = 20, అంటే x = 3 ± 2√5. సూత్రం రాసేలోపు ఇది అయిపోతుంది. అదే 6x² + 7x − 4 ని ముందు 6తో భాగించమంటారు, అప్పుడు 7/12, 49/144 అంటూ భిన్నాలు మీద పడతాయి. శ్రీధరుడి పద్ధతిలో ఆ బాధ లేదు. శ్రీధరుడు చెప్పిన నియమం అంటూ భాస్కరుడు తన బీజగణితంలో దీన్ని ఎత్తి రాశాడు. భాగించడం మానేసి 4aతో, అంటే ఇక్కడ 24తో గుణించండి: 144x² + 168x = 96. రెండువైపులా 7 వర్గం 49 కలపండి:

(12x + 7)² = 145

అదే 145! సూత్రమంటే ఇదే పనిని అక్షరాలతో ఒకసారి చేసి పెట్టుకోవడం. అందుకే ఎప్పుడూ పనిచేస్తుంది.

దాంతో వచ్చే తప్పులు మాత్రం మామూలువి కావు. a ధనమై c రుణమైతే −4ac ధనమవుతుందని మరిచి 49 − 96 అని వేసి, మూలాలు లేవని రాసేస్తారు. ఇంకొందరు 2aతో వర్గమూలాన్ని మాత్రమే భాగించి −bని భాగించకుండా వదిలేస్తారు. సరిచూసుకోవడానికి నేను మూలాల మొత్తం కట్టుకుంటాను. √145 దాదాపు 12.04, కాబట్టి మూలాలు 0.42, −1.59. కలిపితే −1.17. −b/a, అంటే −7/6 కూడా అంతే. లబ్ధం −4/6 దగ్గరకు రావాలి, వస్తుంది. ఆ రోజు నేను రాసిన 1/3, −3/2లకి కూడా మొత్తం −7/6 వస్తుంది, లబ్ధం మాత్రం −1/2. అందుకే రెండూ చూస్తాను.