పెళ్లి ఫోటోలోంచి అప్లికేషన్ ఫోటో

ప్రశ్న: బ్యాంక్ జాబ్‌కి అప్లై చేస్తున్నా. సింగిల్ ఫోటో మంచిది లేదు. మా అన్న పెళ్లిలో దిగిన గ్రూప్ ఫోటో స్టూడియోకి వాట్సాప్‌లో పంపి, పక్కనోళ్లని తీసేసి ప్లెయిన్ బ్యాక్‌గ్రౌండ్ పెట్టమంటే "బాగా రాదు, వచ్చి దిగు" అంటున్నారు. నిజంగా రాదా, లేక డబ్బుల కోసం అలా అంటారా? మెసేజ్ ఎలా పెడితే చేస్తారు?

జవాబు:

కావలిలో మాది చిన్న స్టూడియో. నోటిఫికేషన్ పడిందంటే చాలు, నా ఫోన్ నిండా ఎవరివో పెళ్లిళ్లే. ప్రతి ఫోటో కింద ఒకటే మాట: "అన్నా, నేనొక్కణ్నే ఉంచి మిగతావాళ్లని లేపేయ్." లేపడానికి ఎంతసేపు? పక్కవాళ్లు పోయాక నువ్వు ఎంత మిగులుతావన్నదే అసలు గొడవ.

క్లర్క్ పోస్టులకు అప్లికేషన్లు నడుస్తున్నప్పుడు వింజమూరు వైపు అబ్బాయి ఒకడు రాత్రి పొద్దుపోయాక మెసేజ్ పెట్టాడు. ఎల్లుండి లాస్ట్ డేట్. డీపీలో వాడి బొమ్మ లేదు, హీరో బొమ్మ ఉంది. పంపిన ఫోటోలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వాళ్లకు అటూ ఇటూ కుర్రాళ్లు. అన్నదమ్ములంతా ఒకే తానులో గుడ్డ తీసి లావెండర్ చొక్కాలు కుట్టించుకున్నారు.

"ఇందులో నువ్వెవరబ్బాయ్?"

"లావెండర్ చొక్కా అన్నా."

"అందరిదీ లావెండరే గదయ్యా."

"గడ్డం ఉండేది నేనే అన్నా."

గడ్డాలు కూడా రెండు ఉన్నాయి. అప్పుడు తన మొహం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి మళ్లీ పంపాడు. ఆ గీత సరిగ్గా చెవి మీదుగా, గడ్డం కింద నుంచి పోయింది. మొదట పంపిన ఫోటో నా దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. కొంతమంది సున్నా చుట్టిన ఫోటో ఒక్కటే పంపిస్తారు. ఆ గీత ఫోటోలో కలిసిపోయి వస్తుంది, దాన్ని తుడిస్తే కింద మీ చెవి ఉండదు.

సరే, మనిషి దొరికాడు. వరసలో చివర నిలబడ్డాడు. ఎడమ భుజానికి అడ్డంగా ఎవరో పాపను ఎత్తుకున్నారు, కుడి భుజం మీద తమ్ముడి చెయ్యి. ఫోటోలో పట్టాలని తల లోపలికి వంచాడు.

ముందు సైజు సంగతి చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోయి వస్తుంది. వాడిది నా దగ్గరికి వచ్చేసరికి వెడల్పు 1600 పిక్సెల్స్. ఆ వెడల్పులో ఎనిమిది మంది నిలబడితే మనిషికి 200 చొప్పున వస్తుంది. అందులో మొహం వెడల్పు 70 దాకా ఉంటుంది, అంతే. పాస్‌పోర్ట్ సైజు ప్రింట్ 3.5 × 4.5 సెంటీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన తీస్తే 413 × 531 పిక్సెల్స్ కావాలి. అందులో మొహం ఒక్కటే 200 వెడల్పు ఉండాలి. అంటే ఉన్న మొహాన్ని దాదాపు మూడింతలు సాగదీయాలి. గరిటెడు పిండితో పెనమంతా దోసె పోస్తే ఎలా చిల్లులు పడతాయో, ఇదీ అంతే. కనురెప్పలు, మీసం వెంట్రుకలు ఆ 70 చుక్కల్లో అసలు లేవు. పెద్దది చేసినంత మాత్రాన వస్తాయా?

"ఫోటో తీసినవాడి ఫోన్లో ఒరిజినల్ ఉంటుంది, అడిగి డాక్యుమెంట్‌గా పంపించు" అన్నాను. డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ ఫోటోను తగ్గించదు, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆ మాట వాడు నాలుగైదు సార్లు అర్థం చేసుకోలేదు పాపం. చివరికి వచ్చింది. వెడల్పు 4000. మొహం 175 పిక్సెల్స్ అయింది. సైజు సంగతి చాలావరకు తీరింది.

అప్పుడు లైటింగ్ బయటపడింది. పైన పసుపు ఫోకస్, వెనక గులాబీ ఎల్ఈడీ. స్టేజీ మీద ఉన్నంతసేపూ అందరూ ఒకే రంగులో ఉంటారు కాబట్టి ఎవరికీ తెలియదు. అదే మొహాన్ని తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టగానే కామెర్లు వచ్చినవాడిలా కనిపిస్తాడు. పసుపు తగ్గిస్తే గులాబీ పడ్డ చెంప ఊదాకు తిరుగుతుంది. రెండు రంగుల లైట్లు పడ్డ మొహాన్ని ఒక్క దెబ్బకు సరిచేయడం కుదరదు, ముక్కముక్కగా చేసుకోవాలి.

ఇక జుట్టు. వాడిది రింగుల జుట్టు. ఆ రింగుల సందుల్లోంచి వెనక డెకరేషన్ కనిపిస్తోంది. దగ్గరగా కత్తిరిస్తే తలకు టోపీ పెట్టినట్టు నున్నగా వస్తుంది, కాస్త వదిలితే చుట్టూ గులాబీ అంచు మిగులుతుంది. ఫోన్ యాప్‌లో పది సెకన్లలో బ్యాక్‌గ్రౌండ్ పోయిందని చూపించేవాళ్లు ఈ అంచును చూడరు. మేం కత్తిరించాక కింద ఒకసారి నల్ల పొర, ఒకసారి తెల్ల పొర పెట్టి పెద్దది చేసి చూస్తాం. దేని మీదో ఒకదాని మీద దొంగ దొరుకుతాడు. మీ యాప్ ఫోటోను కూడా అలా చూసుకోండి, చెవుల పక్కన, మెడ వంపు దగ్గర.

అన్నిటికంటే పెద్ద చిక్కు భుజాలు. ఒక భుజం బాగుంటే దాన్నే తిప్పి రెండోవైపు అతికిస్తాం, జేబు కనిపించకుండా పైకి కట్ చేస్తాం. వీడికి రెండూ లేవు. పాప తల తీసేస్తే అక్కడ ఖాళీ, తమ్ముడి చెయ్యి తీసేస్తే ఇక్కడ ఖాళీ.

"అయితే కోటు తగిలించన్నా."

ఈ కోటు నాకు పెద్ద తలనొప్పి. మా దగ్గరుండేది రెడీమేడ్ కోటు, దాని మెడ నిటారుగా ఉంటుంది. వీడి తల పక్కకు వంగి ఉంది. తల నిలబెడితే మెడ విరుగుతుంది. మెడ కలిపితే కాలర్ మీద నీడ ఒకవైపు, మొహం మీద నీడ ఇంకోవైపు. పైగా చుట్టుపక్కల స్టూడియోలన్నిట్లో అదే కోటు, అదే ఎర్ర గీతల టై. నా ఉద్దేశంలో ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లకు ఆ టై చూడగానే ఇది కంప్యూటర్లో తగిలించిందని తెలిసిపోతుంది.

వాడితో ఒకటే చెప్పాను. "ఇదంతా వద్దు. పొద్దున లేచి మీ ఇంటి వరండాలో నిలబడు." అక్కడి నుంచి మెసేజ్‌లలోనే చెప్పుకొచ్చాను. వెనక ఏ గోడైనా ఫర్వాలేదు, ఒకే రంగుది చాలు. గోడకు ఆనుకోకుండా మూడడుగులు ముందుకు నిలబడాలి, లేకపోతే నీడ గోడ మీద పడి తలకు అతుక్కుంటుంది. మొహం వెలుతురు వచ్చే వైపు ఉండాలి కానీ ఎండలోకి రాకూడదు, ఎండలో కళ్లు చిట్లిస్తారు. సెల్ఫీ వద్దు, దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు వెనక కెమెరాతో, ఐదడుగుల దూరం నుంచి, కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకుని ఛాతీ దాకా వచ్చేలా తీయాలి. బ్యూటీ మోడ్ ఆపేయాలి. తెల్ల చొక్కా వద్దు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద భుజాలు కనిపించవు.

పొద్దున వాళ్లమ్మ తీసింది. నేను షాపు తీసేసరికే డాక్యుమెంట్‌గా వచ్చి ఉంది. గోడ సున్నం వెలిసి మరకలు పడి ఉంది, అయినా మనిషికీ గోడకూ ఎడం ఉంది కాబట్టి కత్తిరించడం సులువైంది. రాత్రంతా కూర్చున్నా తెగని పని టీ చల్లారేలోపు అయిపోయింది. వాడు నెట్ సెంటర్లో అదే రోజు అప్లై చేశాడు.

మీరు స్టూడియోకి మెసేజ్ పెడితే ఇలా పెట్టండి: "అన్నా, బ్యాంక్ అప్లికేషన్‌కి ఫోటో కావాలి. ఒరిజినల్ డాక్యుమెంట్‌గా పంపిస్తున్నా. నిలబడిన వరసలో ఎడమ నుంచి మూడోవాణ్ని నేను. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కావాలి. మొహం, రంగు మార్చొద్దు. అప్‌లోడ్‌కి 200 × 230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ మధ్య జేపీజీ ఒకటి, పాస్‌పోర్ట్ సైజు ప్రింట్లు ఎనిమిది. ఫలానా తేదీ లాస్ట్." ఎనిమిది అని ఎందుకంటే, 4 × 6 అంగుళాల పేపర్ మీద సరిగ్గా ఎనిమిది పడతాయి. ఆరు చాలని బేరమాడినా అదే పేపర్ ఖర్చవుతుంది.

200 × 230, 20–50 కేబీ అనేది ఐబీపీఎస్ వాళ్లు అడిగే సైజు. బ్యాక్‌గ్రౌండ్ లేత రంగు ఉండాలి, తెలుపైతే మంచిదంటారు. మీ నోటిఫికేషన్‌లో ఏముందో మళ్లీ చూసుకుని అంకెలు మార్చండి. ఇక్కడ ఇంకో చిన్న తిరకాసు ఉంది. వెనక అంతా ఒకే తెలుపు ఉంటే ఫైలు బాగా చిన్నదైపోతుంది. మామూలు క్వాలిటీలో సేవ్ చేస్తే 20 కంటే కిందికి పడిపోయి సైట్ తీసుకోదు. 50 దాటుతుందేమోనని భయపడతారు కానీ, 20కి చేరకపోవడంతో ఆగిపోయేవాళ్లను నేను ఎక్కువగా చూశాను. క్వాలిటీ పెంచి సేవ్ చేస్తే సరిపోతుంది. ఎస్ఎస్‌సీ ఉద్యోగాలకైతే ఈ బాధ కూడా లేదు, 2024 నుంచి అప్లికేషన్ నింపేటప్పుడే కెమెరా ముందు లైవ్‌గా దిగమంటున్నారు, స్టూడియో ఫోటోతో పనిలేదు.

గ్రూప్ ఫోటో అసలు పనికిరాదని కాదు. పగటి వెలుతురులో ముగ్గురో నలుగురో దిగింది, రెండు భుజాలూ కనిపించేది, మీరు నేరుగా కెమెరాను చూస్తున్నది, ఒరిజినల్ ఫైలు ఉంటే పంపండి, శుభ్రంగా వస్తుంది. 0.5 లెన్స్‌తో తీసిన దాంట్లో చివర నిలబడితే మాత్రం వద్దు, మొహం పక్కకు సాగుతుంది, రేపు పరీక్ష హాల్లో హాల్ టికెట్ చూసి మిమ్మల్ని చూసి మళ్లీ హాల్ టికెట్ చూస్తారు.

డబ్బుల మాటకొస్తే, పెళ్లి ఫోటోలోంచి మనిషిని తీసి భుజాలు అతికించడానికి మేం తీసుకునేది కొత్తగా ఫోటో దిగడానికి తీసుకునేదానికంటే ఎక్కువే. "వచ్చి దిగు" అంటున్నాయన మీ దగ్గర తక్కువ తీసుకుంటానంటున్నాడు. షాపు దూరమైతే వరండాలో దిగి పంపిస్తానని అడిగి చూడండి.