5 సెకన్లు కూడా చూడటం లేదంటే పిల్లాడికి టాలెంట్ లేనట్టా?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. చిన్న చిన్న యానిమేషన్ వీడియోలు చేసి యూట్యూబ్ షార్ట్స్‌లో పెడుతున్నాడు. బొమ్మలు బాగా గీస్తాడు కానీ చూసేవాళ్లు 5 సెకన్లు కూడా ఉండటం లేదు. రోజూ రాత్రి వ్యూస్ ఎన్ని వచ్చాయో నేనే అడిగి చూస్తున్నాను, ఇద్దరికీ టెన్షన్‌గా ఉంటోంది. చూసేవాళ్లని మొదట్లోనే పట్టి ఆపే 'హుక్' నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరతానంటున్నాడు. అందులో చేర్పించాలా, యానిమేషన్ డిగ్రీలో చేర్పించాలా? ఒక వీడియో లింక్ పంపుతున్నాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, కోర్సు సంగతి కాసేపు పక్కన పెడదాం. ఇలాంటి మెయిల్స్ నాకు చాలా వస్తుంటాయి, వాటన్నిటి అడుగునా ఉండే భయం ఒక్కటే: "వీడికి అసలు చేతనవుతుందా?" అని. చేతనవుతుంది. మీరు పంపిన ఉడుత వీడియో చూశాను. గీయడంలో మీవాడికి ఇబ్బందేమీ లేదు. దేన్ని ముందు చూపించాలో తేల్చుకోవడం మాత్రం ఇంకా రాలేదు, అది నేర్చుకుంటే వచ్చే పనే.

ఆ వీడియో ఎలా మొదలైందో ఒకసారి గమనించండి. మొదటి 3 సెకన్లు ఛానెల్ లోగో గిరగిరా తిరుగుతుంది. తర్వాత 4 సెకన్లు అడవి, సూర్యోదయం, కెమెరా మెల్లగా పక్కకి జరుగుతుంది. అప్పుడొక చెట్టు, నోట్లో గింజతో ఉడుత. తొమ్మిదో సెకనులో తెలుస్తుంది, దాని తొర్రకి ఎవరో తలుపు పెట్టి తాళం వేశారని! ఎంత మంచి ఆలోచన! కానీ అక్కడిదాకా ఆగినవాళ్లెవరు? షార్ట్స్‌లో ఎవరూ మన వీడియోని వెతుక్కుంటూ రారు, వేలితో ఒక్కసారి పైకి తోస్తే ఇంకోటి వచ్చేస్తుంది. ఉడుతకి ఏదో జరగబోతోందని మీకూ మీవాడికీ తెలుసు కాబట్టి ఆ సూర్యోదయం అందంగా కనిపిస్తోంది, తెలియనివాళ్లకి అది ఖాళీ బొమ్మే.

అదే కథని నేనైతే తలుపు దగ్గరే మొదలుపెడతాను. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 5 సెకన్లంటే 120 ఫ్రేములు. మొదటి ఫ్రేములోనే ఉడుత గాల్లో ఉండాలి, ఒళ్లు సాగి, నోట్లో గింజతో, ఎదురుగా తాళం వేసిన తలుపు. నల్ల రంగు పులిమేసి నీడలా చూసినా ఏం జరుగుతోందో అర్థమయ్యేంత స్పష్టంగా ఉండాలి ఆ బొమ్మ. 14 ఫ్రేముల్లో దూకడం, 4 ఫ్రేముల్లో ఢీకొట్టడం, ఆ దెబ్బకి ఒక గట్టి చప్పుడు. ఆ తర్వాత 24 ఫ్రేములు, అంటే పూర్తిగా ఒక సెకను, ఉడుత తలుపుకి అతుక్కుని మెల్లగా కిందికి జారుతుంది, ఇంకేదీ కదలదు. పిల్లలు ఇక్కడే తొందరపడతారు. హుక్ అంటే అన్నీ వేగంగా కదలాలనుకుని పాత్రనీ కెమెరానీ వెనక ఆకుల్నీ ఒకేసారి కదిలిస్తే, చూసేవాడికి కన్ను ఎక్కడ పెట్టాలో తెలియక వెళ్లిపోతాడు. జరిగింది బుర్రకెక్కడానికి ఆ సెకను ఇవ్వాల్సిందే. ఆ తర్వాత 36 ఫ్రేములు తాళం దగ్గరగా, 18 ఫ్రేములు ఉడుత ముఖం, చివరి 24 ఫ్రేముల్లో తలుపు సందులోంచి వెలుతురు, లోపల ఎవరిదో నీడ కదులుతుంది. లోపల ఎవరున్నారు? ఈ ప్రశ్న చూసేవాడి మనసులో పడితే చాలు, ఆరో సెకనుకి వాడే వస్తాడు. "చివరిదాకా చూడండి" అని అక్షరాలు వేసి బతిమాలక్కర్లేదు. (ఏవైనా అక్షరాలు వేస్తే మరీ అడుగునా కుడి అంచునా వద్దు, అక్కడ వీడియో పేరూ బటన్లూ వచ్చి కప్పేస్తాయి.)

ఇదంతా రంగులు వేసి పూర్తి చేశాక మార్చాలంటే ప్రాణం పోతుంది. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా ఆ 5 సెకన్లకి 60 బొమ్మలు. అందుకే ముందు గీతల బొమ్మలతో స్టోరీబోర్డ్ వేసి, వాటిని టైముకి పేర్చి, నోటితో చేసిన చప్పుళ్లతో ఒక యానిమాటిక్ చేసుకోమనండి, మొదలు మాత్రం మూడు రకాలుగా. కథ తెలియని మనిషికి మొదటి ఫ్రేము ఒక్క సెకను చూపించి ఏం కనిపించిందో అడగాలి. "ఒక ఉడుత" అంటే చాలదు, "ఉడుత తలుపుని గుద్దుకోబోతోంది" అనాలి. తర్వాత సౌండ్ తీసేసి 5 సెకన్లు చూపించి, ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నారో అడగాలి. ఏమీ ఊహించలేకపోతే ఆ మొదలు పనికిరాదు, ఇంకోటి చూడాలి.

ఇప్పుడు మీతో ఒక మాట, కాస్త గట్టిగానే. రోజూ రాత్రి వ్యూస్ ఎన్నని అడగడం ఆపేయండి. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వీడియో మొదలైనా, మళ్లీ తిరిగినా ఒక వ్యూ కిందే లెక్క, ఇంతసేపు చూడాలన్న నియమమేమీ లేదు. అంటే మీరు టెన్షన్ పడుతున్న ఆ అంకె, మీవాడు మొదలు బాగా కట్టాడో లేదో చెప్పనే చెప్పదు. చూడాల్సింది ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది తోసేసి వెళ్లారు అన్న లెక్క, ఇంకా ఏ సెకనులో జనం తగ్గారో చూపించే గ్రాఫ్. మొదట్లోనే పడిపోతే మొదలు బాలేదు. 5 సెకన్లు నిలబడి ఆరు, ఏడు దగ్గర పడిపోతే మొదట్లో ఇచ్చిన మాట కథ నిలబెట్టుకోలేదు, ఉదాహరణకి నీడ చూపించాక మళ్లీ సూర్యోదయం మొదలుపెట్టాడన్నమాట. వాడు చూసుకోవాల్సిన గ్రాఫ్ అది, మీరు నిలదీయాల్సిన మార్కుల షీటు కాదు. రాత్రిపూట పదిహేడేళ్ల పిల్లాడిని అంకెలతో భయపెడితే రేపు వాడు కథ గురించి ఆలోచించడు, ఏది చేస్తే మీరు అడగడం మానేస్తారా అని ఆలోచిస్తాడు.

ఇక ఆ కోర్సు. నాకు నమ్మకం లేదు, దాచడం ఎందుకు. ఇలాంటివాటిలో నేను చూసినంతవరకు నేర్పేది కెమెరా ముందు మాట్లాడేవాళ్లకి పనికొచ్చే వాక్యాలు: మొదట ఒక షాకింగ్ మాట, తర్వాత ఒక ప్రశ్న, అలా. మాట్లాడేవాళ్లు రోజుకో వీడియో పెట్టి, ఏది పనిచేసిందో చూసుకుని మర్నాడే మార్చుకోగలరు. చేత్తో బొమ్మలు గీసే పిల్లాడు ఒక్క వీడియోకే వారాలు కూర్చుంటాడు, వాళ్ల లెక్క వీడికి సరిపోదు. షార్ట్స్ మీదే బతుకుతానంటే ఇంకా కష్టం. యాడ్స్ ఆదాయంలో వాటా రావాలంటే షార్ట్స్ దారిలో వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి వ్యూస్ ఉండాలి, అదీ అన్ని వ్యూస్ లెక్కలోకి రావు. ఒక్కడే కూర్చుని గీసే పిల్లాడికి ఆ వేగం అందుకోవడం చాలా కష్టం. అందకపోతే వాడు తనని తాను తక్కువ చేసుకుంటాడు, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఛానెల్ వద్దని అనడం లేదు. దాన్ని జీతంలా కాకుండా ప్రాక్టీసులా ఉంచుకోమంటున్నాను.

డిగ్రీ విషయానికొస్తే, స్టోరీబోర్డ్‌కి నిజంగా టైమిచ్చి, ప్రతి షాట్‌నీ దిద్ది చెప్పే చోటైతే చేర్పించండి. సాఫ్ట్‌వేర్ పేర్లు మాత్రమే చెప్పే చోటైతే తొందరేమీ లేదు, ఒక ఏడాది ఆగినా నష్టం లేదు. దరఖాస్తుకి పోర్ట్‌ఫోలియో అడిగితే పూర్తయిన వీడియో ఒక్కటే పెట్టొద్దనండి. ఉడుత కథకి వేసిన మూడు మొదళ్ల స్టోరీబోర్డులు, ఏది ఎందుకు వదిలేశాడో రెండు వాక్యాలు, పాత గ్రాఫ్, కొత్త గ్రాఫ్ పక్కపక్కన పెట్టమనండి. స్టోరీబోర్డ్ విలువ తెలిసినవాళ్లు వాటినే ముందు చూస్తారు.