క్యాలిక్యులేటర్‌లో 16.25, కీలో 17.00

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. ఉద్యోగాల రాత పరీక్షల కోసం మాక్ టెస్టులు రాస్తున్నాను. సి కోడ్ ఇచ్చి ‘ఏం ప్రింట్ అవుతుంది?’ అని అడిగేవాటిలో సగానికి పైగా తప్పుతున్నాయి. ఈ కింది ప్రశ్నకు 16.25, 16.00, 17.00, 20.00 అని నాలుగు ఆప్షన్లు ఇచ్చారు. నేను 16.25 పెట్టాను. కీలో 17.00 ఉంది. క్యాలిక్యులేటర్‌లో చేసినా 16.25 వస్తోంది. కీ తప్పా? లెక్కలు బాగానే వచ్చు, ఇవే రావట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. కోడింగ్ వదిలేసి టెస్టింగో, డేటా అనలిస్టో చూసుకోవాలా?

```c
int a = 20, b = 5, c = 3, d = 4;
float r = a - b * c / d;
printf("%.2f", r);
```

జవాబు: కీ సరైనదే. ఈ కోడ్ 17.00 అనే ప్రింట్ చేస్తుంది. మీరు ఏ క్రమంలో లెక్క వేయాలో అదే క్రమంలో వేశారు. ముందు 5 × 3 = 15, తర్వాత 15ను 4తో భాగించారు, వచ్చినదాన్ని 20లోంచి తీసేశారు. తేడా వచ్చింది మధ్యలోని ఒక్క అడుగులోనే.

15 దగ్గరా `int` ఉంది, 4 దగ్గరా `int` ఉంది. సిలో రెండు `int`లను భాగిస్తే వచ్చేది కూడా `int`. దశాంశాలు నేర్చుకోకముందు చిన్న తరగతుల్లో చేసిన భాగహారాన్ని గుర్తు తెచ్చుకోండి. 15లో 4 మూడుసార్లు పోతుంది, ఇంకా 3 మిగులుతుంది. భాగఫలం 3, శేషం 3. సిలో `/` ఇచ్చేది ఆ భాగఫలాన్ని, `%` ఇచ్చేది ఆ శేషాన్ని. ముందు 3.75 వచ్చి తర్వాత .75 పోయిందని అనుకోకండి. ఈ ప్రోగ్రాంలో 3.75 అనే విలువ ఏ క్షణంలోనూ పుట్టలేదు. అందుకే దాన్ని దగ్గరి అంకెకు సవరించి 4 చేయడం కూడా ఉండదు. అలా సవరించేవాళ్ల కోసమే 16.00 అనే ఆప్షన్ పెట్టారు. 20లోంచి 3 తీసేస్తే 17.

“కానీ `r` అనేది `float` కదా” అని మీరు అడుగుతారు. నా దగ్గరికి రఫ్ పేపర్లు తెచ్చే పిల్లల్లో ఎక్కువమంది అడిగేది ఇదే. `=` గుర్తు పని మొదలయ్యేది కుడివైపు లెక్క మొత్తం పూర్తయ్యాకే. కుడివైపు లెక్క జరుగుతున్నంతసేపూ ఎడమవైపు ఏ టైపు వేరియబుల్ ఉందన్నది దానికి పట్టదు. 17 అనే `int` తయారయ్యాక, దాన్ని `float`లో పెట్టడానికి 17.0గా మారుస్తారు, అంతే. ఆ తర్వాత `%.2f` చుక్క పక్కన రెండు సున్నాలు చూపిస్తుంది. ఆ సున్నాలను చూసి దశాంశాల లెక్క జరిగిందని భ్రమపడతాం. నిజానికి అవి చూపించే పద్ధతిలో వచ్చినవి, లెక్కలో వచ్చినవి కావు.

ఇక 20.00 సంగతి. మీరు దాన్ని ఎంచుకోకపోయినా అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. బోడ్మాస్‌లో భాగహారం అక్షరం గుణకారం కంటే ముందుంది కాబట్టి, భాగహారమే ముందు చేయాలని చాలామంది మనసులో నాటుకుపోతుంది. అలా చేస్తే 3 / 4 ముందు వస్తుంది. అది `int`లో 0. 5ను 0తో గుణిస్తే 0. 20 − 0 = 20. అసలు నియమం వేరు. `*`, `/`, `%` మూడింటిదీ ఒకే స్థాయి. ఒకే స్థాయివి వరుసగా వస్తే ఎడమనుంచి కుడికి చేసుకుంటూ పోవాలి. `+`, `-` వీటి కింది స్థాయి. బోడ్మాస్‌లో `%` లేదు కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు. అది గుణకారం, భాగహారాలకు సమానం.

ఇక్కడ కాసేపు ఆగాలి. భాగహారం ముందు చేసే అలవాటు పదో తరగతి వరకూ మిమ్మల్ని ఎందుకు ఇబ్బంది పెట్టలేదు? కాగితం మీద (5 × 3) ÷ 4 అన్నా, 5 × (3 ÷ 4) అన్నా 3.75 వస్తుంది. ఏది ముందు చేసినా జవాబు ఒకటే కాబట్టి ఆ పొరపాటు ఎప్పుడూ బయటపడలేదు. `int` లెక్కలో మొదటిది 3 ఇస్తుంది, రెండోది 0 ఇస్తుంది. ప్రతి భాగహారం దగ్గరా శేషం పోతుంది కాబట్టి, భాగహారం ఎప్పుడు చేశారన్నది జవాబునే మార్చేస్తుంది. పేపర్ తయారుచేసేవాళ్లు ప్రిసిడెన్స్‌నూ ఇంటీజర్ డివిజన్‌నూ ఒకే ప్రశ్నలో కలపడానికి కారణం ఇదే. లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా, నిజం చెప్పాలంటే ముఖ్యంగా వాళ్లే, ఇక్కడ దొరికిపోతారు.

ఇది పరీక్షల్లో మాత్రమే వచ్చే చిక్కు కాదు. చదువుకునే రోజుల్లో మార్కుల శాతం చూపించే చిన్న ప్రోగ్రాం రాశాను. `got / total * 100` అని రాసి, రెండూ `int`గా పెట్టాను. 600కి 450 వచ్చినవాళ్లకు 0 శాతం చూపించింది. 590 వచ్చినవాళ్లకూ 0. ఒక్కరికి మాత్రం 100 వచ్చింది, 600కి 600 తెచ్చుకున్నవాళ్లకు. కంపైలర్ ఒక్క తప్పు కూడా చూపించలేదు. మార్కులు చదివే భాగంలో ఏదో ఉందని సగం రోజు అక్కడే వెతికాను. పూర్తి మార్కులవాళ్లకు మాత్రమే సరిగ్గా వస్తోందన్న గమనిక అప్పుడే పెట్టుకుని ఉంటే నిమిషంలో తేలేది. 450 / 600 అంటే 0, దాన్ని ఎంతతో గుణించినా 0. 600 / 600 అంటే 1.

`got * 100 / total` అని తిప్పి రాస్తే 450కి 75 వస్తుంది. కానీ 452కి కూడా 75 దగ్గరే ఆగుతుంది. 75.33 కావాలంటే భాగహారం జరిగేలోపే దశాంశం లోపలికి రావాలి. `100.0 * got / total` అంటే సరిపోతుంది. `(float) got / total * 100` కూడా సరే, ఎందుకంటే `(float)` అనే మార్పు భాగహారం కంటే ముందు `got`కు అంటుకుంటుంది. బ్రాకెట్ జరిపి `(float)(got / total) * 100` అంటే మళ్లీ 0. భాగహారం అయిపోయాక మార్చి ఏం లాభం?

రఫ్ పేపర్ మీద రెండు పనులు వేరువేరుగా చేయండి. మొదట అంకెలు ముట్టుకోకుండా బ్రాకెట్లు మాత్రమే పెట్టండి. మీ ప్రశ్నకైతే `a - ((b * c) / d)`. తర్వాత లోపలి బ్రాకెట్ నుంచి ఒక్కో అడుగూ ఒక్కో వరుసలో రాయండి. `float` విలువ అయితే చుక్క పెట్టి 4.0 అని, `int` అయితే చుక్క లేకుండా 4 అని రాయాలి. ఒక అడుగులో రెండువైపులా చుక్క లేకపోతే జవాబుకూ చుక్క ఉండదు. ఒకవైపు ఉన్నా జవాబుకు వస్తుంది. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టేయండి, దానికి `int` అంటే ఏమిటో తెలియదు.

ప్రశ్న పైన ఏ భాష అని ఉందో కూడా చూడండి. ఇదే లెక్క జావాలో 17 ఇస్తుంది. పైథాన్ 3లో `/` దశాంశం ఇస్తుంది కాబట్టి అక్కడ మీ 16.25యే సరైనది. పైథాన్‌లో పూర్ణాంక భాగఫలం కావాలంటే `//` వాడాలి. రుణ సంఖ్యల దగ్గర ఇంకో తేడా ఉంది. `-15 / 4` సిలో, జావాలో -3. పైథాన్‌లో `-15 // 4` మాత్రం -4, ఎందుకంటే అది సున్నా వైపు కాకుండా కింది సంఖ్యకు వెళ్తుంది.

ఇక దారి మార్చుకోవడం గురించి. మీరు తప్పించుకోవాలనుకుంటున్నది అక్కడా ఎదురవుతుంది. డేటా అనలిస్ట్‌గా పోస్ట్‌గ్రెస్‌లో `SELECT 450 / 600` అని రాస్తే 0 వస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లో 0.7500 వస్తుంది. టెస్టింగ్‌లోనైతే నా మార్కుల ప్రోగ్రాంలాంటిది మీ ముందుకొస్తుంది. 600కి 600 ఒక్కటే పెట్టి చూసి ‘పాస్’ అని రాస్తారా, 452 కూడా పెట్టి చూస్తారా అన్నదే అక్కడ మీ పనితనం. ఆ రెండు ఉద్యోగాలూ మంచివే. ఇష్టమై వెళ్తే వెళ్లండి, ఈ ప్రశ్నకు భయపడి మాత్రం వెళ్లకండి.

ముందు ఇప్పటిదాకా తప్పిన ట్రేసింగ్ ప్రశ్నలన్నీ తీయండి. ప్రతిదాని పక్కనా ఎందుకు తప్పిందో ఒక్క మాటలో రాయండి: టైపు, క్రమం, లూప్, ఇంకేదైనా. ఎక్కువ భాగం మొదటి రెండూ అయితే, పైన చెప్పిన పద్ధతిలో రోజుకు ఐదారు చొప్పున రెండు వారాలు చేయండి, తేడా మీకే తెలుస్తుంది. లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందన్న దగ్గర, ఫంక్షన్ వెనక్కి ఏం పంపిందన్న దగ్గర ఎక్కువ తప్పుతుంటే అది వేరే సాధన, ఆ జాబితాతో మళ్లీ రాయండి.

మొదటి సాధనగా ఇది చేయండి.

```c
int p = 7, q = 2;
float s = p / q * 2.0 + p % q * 3 / 2;
printf("%.2f", s);
```

మీకు 8.50 వస్తే రెండు భాగహారాల దగ్గరా దశాంశం వాడారు. 8.00 వస్తే `2.0`ను చూసి దాని కంటే ముందే జరిగిపోయే `7 / 2`కు కూడా దశాంశం ఇచ్చారు. 7.50 వస్తే ప్లస్‌కు ఎడమవైపున్న `2.0` కుడివైపు `3 / 2`కు కూడా అంటుకుంటుందనుకున్నారు, కానీ అక్కడ రెండూ `int`లే. 6.00 వస్తే `%` కంటే ముందు `2 * 3` చేసి, 7 % 6 = 1, 1 / 2 = 0 అని వేశారేమో చూసుకోండి, `7 % 2` అంటే 1, అది మొదట తేలాలి. 7.00 వస్తే సరిగ్గా చేశారు.